పుట్టినప్పటి నుంచి పాప గొంతులో కీచు శబ్దం: లారింగోమలేషియా ఉంటే పాలు ఎలా పట్టాలి, ఎప్పుడు పరుగెత్తాలి

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. పాపకు పది వారాలు. పుట్టిన వారానికే ఊపిరి తీసేటప్పుడు గొంతులో కీచుమని శబ్దం మొదలైంది. వెల్లకిలా పడుకోబెడితే, పాలు తాగేటప్పుడు ఎక్కువైతాది. కర్నూల్లో పిల్లల డాక్టరు చూసి లారింగోమలేషియా, దానంతటదే పోతుందన్నారు. మా అవ్వ కఫం అంటాది, వస రుద్దమంటాది. పాలు తాగేకి ముప్పావు గంట పడతాది, మధ్యమధ్య పొలమారుతాది. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఆరు వారాల టీకా రోజు 3.5, మొన్న టీకా రోజు 3.9. పాలు ఎట్లా పట్టాల, ఎప్పుడు భయపడాల?

సమాధానం:

అమ్మా, డాక్టరు చెప్పిన జబ్బు పేరు మీరు రాసిన లక్షణాలకు సరిపోతుంది. దానంతటదే పోతుందన్న మాట కూడా చాలామంది పిల్లల్లో నిజమే. అయితే మీరు రాసినవాటిలో శబ్దం కంటే ముందు చూడాల్సింది ఆ చివరి రెండు బరువులు.

లెక్క ఇలా వేయండి. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కాస్త తగ్గి, రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టిన బరువుకు వస్తుంది. అక్కణ్ణుంచి ఆరో వారం దాకా 28 రోజులు. ఆ 28 రోజుల్లో పాప 2.8 నుంచి 3.5కు వచ్చింది, అంటే 700 గ్రాములు, రోజుకు 25 గ్రాములు. బాగుంది. తర్వాతి 28 రోజుల్లో 3.5 నుంచి 3.9, అంటే 400 గ్రాములే, రోజుకు 14. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. కార్డు మీద చూస్తే బరువు పెరుగుతున్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ పెరిగే వేగం సగానికి దగ్గరగా పడిపోయింది. ముప్పావు గంట పాలు తాగడం, పొలమారడం దీనికి తోడయ్యాయి. కాబట్టి ఇది 'ఏమీ చెయ్యక్కర్లేదు' అనే తేలిక రకం కాదు, మధ్య రకం. ఈ రాత్రికి రాత్రి పరుగెత్తాల్సిన పని లేదు, కానీ ఈ వారంలోనే మళ్ళీ చూపించాలి. ఒక జాగ్రత్త: రెండుసార్లూ వేరు వేరు త్రాసులైతే వంద గ్రాముల తేడా సులువుగా వస్తుంది. రేపే బట్టలన్నీ తీసి, పాలు పట్టకముందు, అంగన్‌వాడీలోనో ఆసుపత్రిలోనో తూచి రాసి పెట్టుకోండి. ఇక మీదట అదే త్రాసు, అదే పద్ధతి.

బరువు సరిగా ఎందుకు పెరగట్లేదో తెలియాలంటే శబ్దం ఎక్కడ పుడుతుందో తెలియాలి. స్వరపేటిక పైభాగంలో మెత్తటి మృదులాస్థి, దాని మీద పొర ఉంటాయి. లారింగోమలేషియా ఉన్న పిల్లల్లో ఆ భాగం వదులుగా ఉండి, ఊపిరి లోపలికి లాగినప్పుడు గాలిదారి మీదికి వాలుతుంది. నానిపోయిన పేపరు స్ట్రాతో గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కున్నట్టే. అందుకే శబ్దం ఊపిరి తీసేటప్పుడే వస్తుంది, వదిలేటప్పుడు రాదు. వెల్లకిలా పడుకుంటే, ఏడిస్తే, పాలు తాగితే ఎక్కువవుతుంది, ఎత్తుకుంటే తగ్గుతుంది. ఏడుపు గొంతు మాత్రం మామూలుగా, గట్టిగా ఉంటుంది.

ఇది కఫం కాదు. కఫమైతే దగ్గినప్పుడో ముక్కు శుభ్రం చేసినప్పుడో శబ్దం మారుతుంది, జలుబు తగ్గితే పోతుంది. ఊపిరితిత్తుల్లో వచ్చే పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. తేడా మీరే పట్టొచ్చు: పాప నిద్రపోతున్నప్పుడు పొట్ట మీద చెయ్యి తేలిగ్గా ఆనించండి. పొట్ట పైకి లేచేటప్పుడు కీచుమంటే అది ఊపిరి తీసే శబ్దం. దగ్గు మందులు, యాంటీబయాటిక్ సిరప్‌లు, నెబ్యులైజర్ ఈ వదులుతనాన్ని బిగించలేవు. నెలల పిల్లలకు దగ్గు సిరప్ అసలు పట్టకూడదు.

శబ్దం సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. ఏడాది, ఏడాదిన్నరకు చాలామందిలో పోతుంది, కొందరిలో రెండేళ్ళ దాకా పడుతుంది. అంటే మీకు ఇంకా శబ్దం పెరిగే నెలలే ముందున్నాయి. పాప తేలిగ్గా తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే శబ్దం పెరిగినా భయం లేదు. శబ్దం అంతే ఉండి బరువు ఆగిపోతే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు పాలు. బిడ్డ పీల్చాలి, మింగాలి, ఊపిరి తీయాలి, ఈ మూడూ వరసలో జరగాలి. మింగిన ప్రతిసారీ ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. గాలిదారి ఇరుకైన బిడ్డకు ఆ క్షణం తర్వాత ఊపిరి అందుకోవడానికి ఎక్కువ సేపు కావాలి. పాలు ఆగకుండా వస్తుంటే ఊపిరి, మింగడం ఢీకొంటాయి, పొలమారుతుంది. పైగా మూసుకుపోతున్న దారిలోంచి గాలిని గట్టిగా లాగేటప్పుడు పొట్టలోని పాలు, ఆమ్లం కూడా పైకి వస్తాయి. ఆమ్లం తగిలి గొంతు పొర వాస్తుంది, వాచిన పొర దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. ఈ శ్రమలో తాగిన పాలలో కొంత ఊపిరికే ఖర్చయిపోతుంది. అందుకే ముప్పావు గంట తాగినా ఒళ్ళు చేయదు.

మీరు కూర్చునే తీరు ముందు మార్చండి. గోడకో దిండుకో వెనక్కి ఏటవాలుగా ఆనుకోండి, పాపను మీ ఛాతీ మీద బోర్లా వాలినట్టు పెట్టండి. తల పిరుదుల కంటే ఎత్తులో ఉండాలి, మెడ తిన్నగా ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనుకుంటే గాలిదారి మడత పడుతుంది. ఇలా పడుకుంటే పాలు నోట్లోకి కారవు, పాప తనంతట తాను లాక్కుంటుంది. ఊపిరి కావాల్సినప్పుడు తల వెనక్కి తీసుకోగలుగుతుంది కూడా.

రొమ్ము నిండుగా ఉన్నప్పుడు మొదటి నిమిషంలో పాలు ధారగా వస్తాయి, ఎక్కువ పొలమారేది అప్పుడే. నోటికి అందించే ముందు చేత్తో కొద్దిగా పిండేయండి, శుభ్రమైన గిన్నెలో పడితే తర్వాత పనికొస్తాయి. ధార నెమ్మదించాక పెట్టండి.

తాగేటప్పుడు పాప ముఖం చూస్తూ ఉండండి. కనుబొమలు పైకి లేవడం, కళ్ళు పెద్దవి చేయడం, ముక్కుపుటాలు ఎగరడం, చేతివేళ్ళు విప్పార్చడం, నోటి మూల నుంచి పాలు కారడం, ఇవన్నీ 'ఊపిరి తీసుకోనివ్వు' అని అడగడమే. దగ్గు వచ్చేదాకా ఆగొద్దు. చిటికెన వేలు నోటి మూలలో పెట్టి పట్టు విడిపించండి, నాలుగైదు ఊపిర్లు తీసుకోనిచ్చి మళ్ళీ అందించండి. మొదట్లో అయిదారు గుటకలకోసారి ఇలా ఆపాల్సి రావచ్చు. పాప ఏడ్చినా పర్లేదు, రెండు మూడు రోజుల్లో తనకే లయ అలవాటవుతుంది.

మొత్తం సమయం అరగంట దాటనివ్వకండి. అరగంట దాటాక తాగే నాలుగు చుక్కల కంటే వాటికోసం ఖర్చయ్యే శక్తే ఎక్కువ. ఒక పక్క పది నిమిషాలు, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా ఆగడం, తర్వాత రెండో పక్క. పాప అలిసి పీల్చడం నెమ్మదిస్తే, రొమ్మును చేత్తో మెల్లగా నొక్కి పట్టుకోండి, తక్కువ శ్రమతో పాలు వస్తాయి. తర్వాత ఇరవై నుంచి ముప్పై నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. ఒళ్ళో వంచి కూర్చోబెడితే పొట్ట నొక్కుకుపోయి పాలు ఇంకా పైకి వస్తాయి, భుజమే మేలు.

అరగంటలో సరిపడా తాగలేదనిపిస్తే మిగతాది పిండిన పాలు. ఎంత కావాలో ఒక లెక్క: రోజు మొత్తానికి కిలో బరువుకు 150 మి.లీ. మీ పాపకు 3.9 × 150, అంటే దాదాపు 585 మి.లీ. ఎనిమిదిసార్లుగా పంచితే ఒక్కోసారి 73 మి.లీ. వస్తుంది, పదిసార్లుగా పంచితే 60 లోపే. ఈ పిల్లలకు రెండోదే నయం. పొట్ట బిర్రుగా నిండకపోతే పైకి రావడం కూడా తగ్గుతుంది. రొమ్ము తాగే బిడ్డకు ఈ మి.లీ.లు కొలవలేరు, కొలవక్కర్లేదు కూడా. పిండిన పాలో డబ్బా పాలో పడుతున్నప్పుడే ఈ లెక్క. పగలు రెండున్నర గంటలకోసారి, రాత్రి మూడు గంటల లోపు పాలు పడేలా చూసుకోండి.

పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పడితే పాపను ఒళ్ళో దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె కొసను కింది పెదవి మూలకు ఆనించండి. పాప నాలుకతో అందుకున్నంతే ఇవ్వండి. కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో పోసి ముక్కు మూసి మింగించే అలవాటు మన పక్క ఇళ్ళలో ఇంకా ఉంది. ఈ బిడ్డకు అది నిజంగా ప్రమాదం, పాలు సరాసరి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీసా తప్పనిసరైతే సన్నటి రంధ్రం ఉన్న పీక వాడండి. తలకిందులు చేస్తే సెకనుకు ఒక చుక్క పడాలి, ధార కట్టకూడదు. సీసాను అడ్డంగా పట్టుకుని, ఆపుతూ ఆపుతూ పట్టండి.

అవ్వను నొప్పించకుండా ఒక మాట చెప్పండి: వస, ఆముదం, ముక్కులో నూనె చుక్కలు, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, ఇవేవీ వద్దు. వదులుగా ఉన్న పొర వేలు తగిలితే వాస్తుంది. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే న్యుమోనియా మామూలు మందులకు లొంగదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా ఆపేయండి. పాలు చిక్కబడితే పైకి రావని రాగి పిండో పాలగుండో కలపమని ఎవరైనా చెప్తే రెండున్నర నెలల బిడ్డకు కలపకండి. చిక్కబరచడం అవసరమైతే ఎంత, దేనితో అన్నది డాక్టరే చెప్పాలి. ముక్కు బిగుసుకుంటే పాలకు ముందు సెలైన్ చుక్కలు ఒక్కో రంధ్రంలో రెండు వేస్తే చాలు.

పడుకోబెట్టే విషయంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. బోర్లా వేస్తే శబ్దం తగ్గుతుంది, అందరికీ నిద్ర పడుతుంది. కానీ బోర్లా నిద్రపోయే పసిబిడ్డల్లో నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి శబ్దం వచ్చినా వెల్లకిలానే, గట్టి పరుపు మీద, తల కింద దిండు లేకుండా పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే ఉండి బోర్లా వేయండి, అది మంచిదే. చీర ఉయ్యాలలో మాత్రం వద్దు. దానిలో బిడ్డ వీపు గుండ్రంగా వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. శబ్దం తగ్గినట్టు అనిపించినా గాలి తక్కువ పోతూ ఉండొచ్చు.

ఇక భయపడాల్సిన గుర్తులు. పాప పెదవుల లోపలి భాగం, నాలుక నీలంగానో బూడిదరంగులోనో మారితే; ఊపిరి ఆగి రంగు మారినా, ఒళ్ళు మెత్తబడినా, లేదా ఆగడం 20 సెకన్లు దాటినా; ఏడవకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా డొక్కలు ఎగరేస్తూ, మెడ గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంటే వెంటనే 108కు ఫోన్ చేయండి. చర్మం రంగు ముదురుగా ఉన్న పిల్లల్లో ముఖం చూసి నీలం తెలీదు, నోటి లోపలే చూడాలి. అన్నిటికంటే మోసం చేసేది ఇంకొకటుంది. డొక్కలు బాగా ఎగురుతూనే ఉండి, శబ్దం హఠాత్తుగా తగ్గిపోయి, పాప మగతగా అయితే అది నయం కావడం కాదు. గాలి పోవడమే తగ్గిందని అర్థం.

అంబులెన్సు వచ్చేదాకా పాలు ఆపి, నిటారుగా ఎత్తుకుని, మెడ తిన్నగా ఉంచండి. పాలు పొలమారి ఊపిరాడకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టి, దవడను వేళ్ళతో ఆనించి పట్టుకుని, రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయండి. పోకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కండి. ఊపిరి వచ్చేదాకా మారుస్తూ చేయండి. స్పృహ తప్పితే 108లో చెప్పినట్టు చేయండి. ముందు ఆక్సిజన్ దొరికే దగ్గరి ఆసుపత్రికే, అంటే మీకు ఎమ్మిగనూరుకే వెళ్ళండి, అక్కణ్ణుంచి కర్నూలు. నేరుగా కర్నూలు వెళ్దామని దారిలో సమయం పోగొట్టుకోవద్దు.

అదే రోజు చూపించాల్సినవి వేరే. మామూలుగా తాగేదాంట్లో సగం కూడా తాగకపోవడం, 24 గంటల్లో నాలుగు సార్ల కంటే తక్కువ మూత్రం పోయడం, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, నిద్రలో నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువ ఊపిర్లు. ఊపిర్లు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లల్లో తప్పు వస్తుంది. మూడు నెలల లోపు జ్వరం వస్తే ఇంట్లో సిరప్ పోసి ఆగకండి.

ఈ వారం చేయించాల్సిన పని స్కోప్. సన్నటి గొట్టం కెమెరాను ముక్కులోంచి పోనిచ్చి స్వరపేటికను చూస్తారు. మత్తు ఇవ్వకుండానే, తల్లి ఒళ్ళోనే, ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. లారింగోమలేషియా అని చెవితో విని అనుకోవచ్చు, కంటితో చూస్తేనే ఖాయం. తేలిక రకంలో ఇది తప్పనిసరి కాదు, మీ పాప మాత్రం ఆ గీత దాటింది. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి వెళ్ళే ముందు, నెలల పిల్లలకు సరిపడే సన్నని స్కోప్ ఆ రోజు ఉంటుందా అని ఫోన్ చేసి అడగండి. పెద్దల స్కోప్ ఉన్నంత మాత్రాన పని జరగదు.

వెళ్ళేటప్పుడు మూడు చిన్న వీడియోలు తీసుకెళ్ళండి, ఒక్కోటి అరనిమిషం చాలు: చొక్కా తీసి వెల్లకిలా పడుకున్నది, భుజాన ఎత్తుకున్నది, పాలు తాగడం మొదలుపెట్టినది. డాక్టరు గదిలో పాప ఏడుస్తుంది, ఇంట్లో శబ్దం అక్కడ వినపడదు. తాగేటప్పుడు నుదురు చెమటలు పడుతుంటే అదీ చెప్పండి, గుండె పరీక్ష కూడా చేయించాల్సి రావచ్చు. పుట్టినప్పుడు గొంతులో గొట్టం వేశారా, వెంటిలేటర్ మీద ఉందా అన్నది తప్పక చెప్పండి. గొంతు బొంగురుగా ఉన్నా, ఏడుపు నీరసంగా ఉన్నా, ఊపిరి వదిలేటప్పుడు కూడా శబ్దం వస్తున్నా, గడ్డం చుట్టుపక్కల ఎర్రటి ఉబ్బెత్తు మచ్చ ఉన్నా జబ్బు వేరే కావచ్చు. స్వరతంత్రి పని చేయకపోవడం, గాలిదారి లోపల రక్తనాళాల గడ్డ, దారి పుట్టుకతోనే సన్నబడటం లాంటివి. వాటి వైద్యం వేరు. రక్తనాళాల గడ్డకు మందుతోనే తగ్గే అవకాశం ఎక్కువ, కానీ ముందు కనిపెట్టాలి కదా.

పాలు పైకి వస్తూ, పొలమారుతూ ఉంటే డాక్టరు కొన్ని వారాలు ఆమ్లం తగ్గించే మందు రాయవచ్చు. దానివల్ల పాలు పైకి రావడం ఆగదు, వచ్చినవి గొంతును మండించవు, అంతే. మీరుగా దుకాణంలో కొనకండి, మోతాదు బరువును బట్టి ఉంటుంది.

పాలు పట్టే తీరు మార్చిన ఏడు రోజులకు అదే త్రాసులో తూచండి. 3.9 నుంచి మొదలైతే కనీసం 4.04 ఉండాలి. అంత ఉంటే ఇదే పద్ధతి కొనసాగిస్తూ రెండు వారాలకోసారి తూచండి, టీకాలు ఏవీ ఆపకండి. అంత లేకపోతే ఇంకో వారం చూద్దామనుకోవద్దు. ముక్కు గొట్టంతో పాలు పట్టాలా, ఆపరేషన్ కావాలా అన్నది అప్పుడు తేల్చాలి. ఆపరేషన్ అంటే మత్తు ఇచ్చి, నోటి ద్వారానే, వదులుగా ఉన్న పొరను కత్తిరించడం. బయట కోత ఉండదు. అవసరమయ్యేది కొద్దిమందికే. నీలం పడటం, ఊపిరి ఆగడం, బరువు నిలిచిపోవడం, ఛాతీ మధ్యలో గుంట పడటం ఉన్నవాళ్ళకే. కానీ పసిపిల్లలకు మత్తు ఇచ్చే డాక్టరు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు చూసుకునే పిల్లల ఐసీయూ రెండూ ఉన్నచోటే చేయించాలి. కర్నూలు వాళ్ళకు హైదరాబాద్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు, కడప వాళ్ళకు తిరుపతి లేదా వెల్లూరు దగ్గర. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రను చేరకముందే అడగండి, చేరిన తర్వాత అడిగితే కాగితాలతో ఇబ్బంది.